రెండు ఫారం 16లు, ఒకే పన్ను



జూన్ 15 నాటికి ఉద్యోగుల చేతికి ఫారం 16 రావాలి. ఏడాది మధ్యలో కంపెనీ మారినవాళ్లకు రెండు వస్తాయి, పాత కంపెనీది ఒకటి, కొత్త కంపెనీది ఒకటి. రెండింటిలోనూ జీతం ఎంతో ఉంటుంది, కోసిన పన్ను ఎంతో ఉంటుంది. విడివిడిగా చూస్తే ఏ దాంట్లోనూ బాకీ కనిపించదు. తీరా రెండూ కలిపి రిటర్న్ వేయడానికి కూర్చుంటే మాత్రం ఇంకో ముప్ఫై వేలో, యాభై వేలో, ఒక్కోసారి లక్షో కట్టాలని తేలుతుంది. "రెండు కంపెనీలూ నెలనెలా పన్ను కోసుకున్నాయి కదండీ, మళ్లీ నేనెందుకు కట్టాలి? ఇందులో తప్పు ఎవరిది?" అని పన్ను లెక్కలు చూసే మా బోటివాళ్లని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఏమిటంటే, రెండు కంపెనీలూ తమకు తెలిసినంతవరకు సరిగ్గానే కోశాయి. అయినా మొత్తం మీద పన్ను తక్కువ పడింది. అదెలా జరుగుతుందో, జరగకుండా ఏం చేయాలో ఈరోజు చెప్పుకుందాం.

జీతం మీద కంపెనీ కోసే పన్నునే టీడీఎస్ అంటాం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇది 192వ సెక్షన్. దాని ప్రకారం కంపెనీ చేసే పని ఇది: ఈ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు, ఈ ఉద్యోగికి నేను మొత్తం ఎంత జీతం ఇవ్వబోతున్నాను అని ముందుగా ఒక అంచనా వేసుకుంటుంది. అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తుంది. మిగిలినదానికి శ్లాబుల ప్రకారం పన్ను లెక్కగట్టి, ఆ పన్నును నెలలకు పంచి, ప్రతి నెలా జీతంలోంచి కొంత పట్టుకుంటుంది. ఇందులో గుర్తుంచుకోవలసింది, కంపెనీ అంచనా వేసేది తాను ఇవ్వబోయే జీతాన్ని మాత్రమే. మీరు అంతకుముందు ఇంకోచోట ఎంత తీసుకున్నారో మీరు చెబితే తప్ప దానికి తెలియదు. పన్ను శాఖ లెక్క మాత్రం కంపెనీకో లెక్క కాదు, మనిషికో లెక్క. మీ పాన్ నంబరు మీద ఆ ఏడాది వచ్చిన జీతమంతా ఒక్కచోట కలుస్తుంది.

గడిచిన 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో శ్లాబులు ఎలా ఉన్నాయో ఒక్కసారి చెబుతాను. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, 12 నుంచి 16 దాకా 15 శాతం, 16 నుంచి 20 దాకా 20 శాతం. ఆ పైన 25 శాతం, 24 లక్షలు దాటితే 30 శాతం. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు. వచ్చిన పన్ను మీద 4 శాతం సెస్సు. దీనితో పాటు ఇంకో సౌకర్యం ఉంది. పన్ను పడే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా అయిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఉన్నారనుకోండి. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు ఒక కంపెనీలో నెలకు 1,20,000 జీతం. జూలై 1న ఇంకో కంపెనీలో చేరారు, అక్కడ నెలకు 1,50,000. ఈ రెండూ పన్ను పడే జీతాలే అనుకుందాం, ఇంకే ఆదాయమూ లేదు.

మొదటి కంపెనీ ఏప్రిల్‌లో అంచనా వేసినప్పుడు ఆవిడ వెళ్లిపోతారని దానికి తెలియదు. కాబట్టి 12 నెలలకు 14,40,000 అని లెక్క వేసింది. 75 వేలు తీస్తే 13,65,000. దాని మీద పన్ను 84,750, సెస్సుతో కలిపి 88,140. నెలకు 7,345 చొప్పున మూడు నెలలు కోసింది. మొత్తం 22,035.

రెండో కంపెనీకి ఆవిడ పాత జీతం గురించి ఏమీ చెప్పలేదు. ఆ కంపెనీ జూలై నుంచి మార్చి దాకా 9 నెలలకు 13,50,000 అని లెక్క వేసింది. అదీ 75 వేలు తీసేసింది. మిగిలింది 12,75,000. పన్ను, సెస్సు కలిపి 74,100. దాన్ని 9 నెలలకు పంచి నెలకు సుమారు 8,233 చొప్పున కోసింది.

రెండూ కలిపితే కోసిన పన్ను 96,135. మరి అసలు పన్ను ఎంత? ఆవిడకు ఆ ఏడాది వచ్చిన మొత్తం జీతం 3,60,000, 13,50,000 కలిపి 17,10,000. స్టాండర్డ్ డిడక్షన్ మనిషికి ఒక్కసారే, కాబట్టి 75 వేలు తీస్తే 16,35,000. శ్లాబుల ప్రకారం 1,27,000, సెస్సుతో 1,32,080. కోసింది పోను ఇంకా కట్టవలసింది 35,945 రూపాయలు.

ఈ 35,945 ఎక్కడినుంచి ఊడిపడిందో చూద్దాం, ఎందుకంటే మొత్తం విషయం ఇక్కడే ఉంది. శ్లాబులను మెట్లనుకుంటే, ఏడాదిలో మీరు ఎక్కవలసింది ఒకే మెట్ల వరుస. కొత్త కంపెనీ మిమ్మల్ని కింద మెట్టు నుంచి మళ్లీ ఎక్కించింది. అంటే పన్ను లేని 4 లక్షలు ఇంకోసారి ఇచ్చింది, 5 శాతం శ్లాబు ఇంకోసారి ఇచ్చింది, 10 శాతం శ్లాబు ఇంకోసారి ఇచ్చింది, 75 వేల డిడక్షనూ ఇంకోసారి ఇచ్చింది. నిజానికి పాత కంపెనీ ఇచ్చిన 3,60,000 ఆ 12,75,000 మీద చేరవలసిన డబ్బు. అక్కడ చేరితే అందులో 3,25,000 మీద 15 శాతం, మిగిలిన 35,000 మీద 20 శాతం పడుతుంది. సెస్సుతో కలిపి 57,980 అవుతుంది. పాత కంపెనీ ఆ మూడు నెలల జీతం మీద కోసింది 22,035 మాత్రమే. ఈ రెండింటికీ తేడాయే ఆ 35,945. కంపెనీలు ఎక్కడా కూడికలో పొరబడలేదు. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడం వల్ల వచ్చిన తేడా ఇది.

ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించే సందర్భం ఇంకొకటి ఉంది. మొదటి ఆరు నెలలు నెలకు లక్ష, తర్వాతి ఆరు నెలలు ఇంకో కంపెనీలో నెలకు 1,40,000 వచ్చిన వ్యక్తిని తీసుకోండి. మొదటి కంపెనీ 12 లక్షలు అని అంచనా వేసి, డిడక్షన్ తీసేస్తే 11,25,000, రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా అంది. రెండో కంపెనీ ఆరు నెలలకు 8,40,000 అని లెక్కేసి అదీ సున్నా అంది. ఏడాది పొడుగునా ఒక్క రూపాయి కూడా కోతపడలేదు. రెండూ కలిపితే 14,40,000. డిడక్షన్ పోను 13,65,000. 12 లక్షలు దాటింది కాబట్టి రిబేటు పోయింది. పన్ను 88,140. రెండు ఫారం 16ల్లోనూ పన్ను దగ్గర సున్నా చూసి నిశ్చింతగా ఉన్న మనిషికి జూలైలో ఈ అంకె ఎదురవుతుంది. రిబేటు పరిమితి 12 లక్షలకు పెరిగాక ఈ తరహా దెబ్బ మధ్యతరగతి జీతాలవాళ్లకే ఎక్కువ తగిలే వీలుంది. అందుకే "నాకు టీడీఎస్ పడలేదు, నాకు పన్ను లేదు" అనే మాటను కంపెనీ మారిన ఏడాది నమ్మవద్దు.

బాకీ పన్నుతో పని అయిపోదు, వడ్డీ కూడా ఉంది. టీడీఎస్ పోను ఇంకా కట్టవలసిన పన్ను 10 వేలు గానీ అంతకుమించి గానీ ఉంటే, దాన్ని ఏడాదిలోపే అడ్వాన్స్ ట్యాక్స్‌గా వాయిదాల్లో కట్టాలని చట్టం. కట్టకపోతే రెండు వడ్డీలు పడతాయి. 234బి సెక్షన్ కింద ఏప్రిల్ 1 నుంచి కట్టేదాకా నెలకు 1 శాతం. నెలలో ఒక్క రోజు గడిచినా ఆ నెల మొత్తం లెక్కే. 234సి కింద జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి వాయిదాలు తప్పినందుకు విడిగా వడ్డీ. మన హైదరాబాదు ఉద్యోగిని జూలైలో కడితే మొదటిది సుమారు 1,430, రెండోది సుమారు 1,800, మొత్తం 3,200 పైచిలుకు. బాకీ 10 వేల లోపే ఉంటే ఈ రెండు వడ్డీలూ ఉండవు. "నేను జీతగాణ్ణి, అడ్వాన్స్ ట్యాక్స్ వ్యాపారులకు కదా" అని కొందరు వాదిస్తారు. చట్టంలో అలాంటి మినహాయింపు లేదు.

ఇక జరగకుండా ఏం చేయాలంటే, కొత్త కంపెనీకి పాత జీతం సంగతి చెప్పాలి. దానికి ఒక ఫారం ఉంది, ఫారం 12బి. పాత కంపెనీ పేరు, చిరునామా, దాని టాన్ నంబరు, ఎన్నాళ్లు పనిచేశారు, ఎంత జీతం వచ్చింది, ప్రావిడెంట్ ఫండ్‌కు ఎంత పోయింది, పన్ను ఎంత కోశారు, ఇవన్నీ అందులో రాసి సంతకం చేసి ఇవ్వాలి. చాలా కంపెనీల్లో ఇప్పుడు కాగితం ఉండదు. పేరోల్ పోర్టల్లోనే పాత ఉద్యోగం ఆదాయం అని ఒక చోటు ఉంటుంది, అక్కడ నింపాలి. ఇచ్చి తీరాలని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయరు. కానీ మీరు ఇచ్చాక దాన్ని లెక్కలోకి తీసుకుని పన్ను కోయవలసిన బాధ్యత కొత్త కంపెనీది.

మన లెక్కలోనే చూడండి. ఆవిడ జూలైలో చేరగానే ఈ వివరాలు ఇచ్చి ఉంటే, కొత్త కంపెనీ మొత్తం పన్ను 1,32,080లోంచి పాత కంపెనీ కోసిన 22,035 తీసేసి, మిగిలిన 1,10,045ను 9 నెలలకు పంచేది. నెలకు 12,227 పడేది. 8,233 బదులు 12,227, అంటే నెలకు దాదాపు 4 వేలు ఎక్కువ. చేతికొచ్చే జీతం ఆ మేరకు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ డబ్బు ఎలాగూ మీది కాదు. జూలైలో ఒక్కసారి 39 వేలు తెచ్చి కట్టడం కన్నా నెలకు 4 వేలు పోవడం ఏ ఇంటి ఖర్చుకైనా నయం.

ఈ ఫారం మీకు లాభించే సందర్భమూ ఉంది. సెప్టెంబరు ఆఖరున ఉద్యోగం మానేసి డిసెంబరు ఆఖరు దాకా ఖాళీగా ఉన్నవారిని తీసుకోండి. మొదటి కంపెనీ 12 నెలల జీతం వస్తుందనుకుని ఎక్కువ రేటున కోసి ఉంటుంది. తీరా చూస్తే ఆ ఏడాది వచ్చింది 9 నెలల జీతమే. కొత్త కంపెనీకి వివరాలు ఇస్తే మిగిలిన నెలల్లో తక్కువ కోసి సర్దుతుంది. లేకపోతే రిటర్న్ వేసి రిఫండ్ కోసం ఎదురుచూడాలి.

ఫారం 12బి నింపేటప్పుడు ఎక్కువమంది తడబడేది అంకెల దగ్గరే. చేరిన రోజే హెచ్ఆర్ వాళ్లు వివరాలు అడుగుతారు. మీ దగ్గర ఉండేది పేస్లిప్పులు మాత్రమే. పాత కంపెనీ ఫారం 16 వచ్చేది మరుసటి జూన్‌కు. పైగా ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ ఇంకా అయి ఉండదు. వాడుకోని సెలవుల డబ్బు, బోనస్, ఇన్సెంటివ్, ఇవన్నీ నెలా రెండు నెలల తర్వాత ఆ సెటిల్‌మెంట్‌లో వస్తాయి, వాటి మీద పాత కంపెనీ ఇంకొంత పన్ను కోస్తుంది. కాబట్టి చేరినప్పుడు పేస్లిప్పుల ప్రకారం ఇవ్వండి. సెటిల్‌మెంట్ కాగితం రాగానే, దానితో పాటు వచ్చే పన్ను లెక్కల పత్రం చూసి సవరించిన ఫారం మళ్లీ ఇవ్వండి. ఈ రెండోసారి ఇచ్చే పనే చాలామంది మరిచిపోతారు. అలా మరిచిపోయినవాళ్లకు పెద్ద బాకీ రాకపోయినా చిన్న బాకీ తప్పకుండా వస్తుంది.

పాత కంపెనీ కోసిన పన్ను నిజంగా మీ పాన్ మీద జమ అయిందో లేదో కూడా చూసుకోవాలి. కంపెనీలు మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్న్ వేస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోసినదానికి గడువు జూలై 31. అంటే జూన్‌లో మానేసిన మనిషి ఆగస్టులో ఆదాయపు పన్ను పోర్టల్లో ఫారం 26ఏఎస్ తెరిస్తే ఆ 22,035 అక్కడ కనిపించాలి. కనిపించకపోతే అప్పుడే పాత కంపెనీ అకౌంట్స్ వాళ్లకు మెయిల్ పెట్టండి. ఏడాది గడిచాక వెళ్లిపోయిన ఉద్యోగి మెయిల్‌కు జవాబు రావడం కష్టం. పేస్లిప్పులు మాత్రం పారేయకండి. పాత కంపెనీ మెయిల్లో ఉన్నవాటిని మానేసే ముందే మీ సొంత మెయిల్‌కు పంపించుకోండి. రిలీవ్ అయిన సాయంత్రానికల్లా లాగిన్ ఆగిపోతుంది.

కొందరికి పాత జీతం ఎంతో కొత్త కంపెనీకి చెప్పడం ఇష్టం ఉండదు. అది వాళ్ల ఇష్టం, అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. అప్పుడు తేడా లెక్క వేసుకుని తామే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టుకోవాలి. ఆదాయపు పన్ను పోర్టల్లో "e-Pay Tax" అనే చోట "Advance Tax (100)" ఎంచుకుని కట్టవచ్చు. ఆఖరి వాయిదా మార్చి 15. అది దాటినా మార్చి 31 లోపు కట్టినదాన్ని అడ్వాన్స్ ట్యాక్స్ కిందే లెక్కిస్తారు, కాబట్టి ఏప్రిల్ నుంచి పెరిగే 234బి వడ్డీ తప్పుతుంది. ముందు వాయిదాల తాలూకు 234సి వడ్డీ మాత్రం ఉంటుంది. ఏమీ చెప్పకుండా, ఏమీ కట్టకుండా ఊరుకోవచ్చులే అనుకోవడం మాత్రం కుదరదు. రెండు కంపెనీలూ మీ పాన్ నంబరుతోనే రిటర్న్ వేస్తాయి. పోర్టల్లో మీ రిటర్న్ తెరిచేసరికే రెండు జీతాలూ ముందుగా నింపి ఉంటాయి.

ఇప్పుడు రిటర్న్ దగ్గర జరిగే ఒక పొరపాటు. ఇది వివరాలు సరిగ్గా ఇచ్చినవాళ్లకే జరుగుతుంది, అందుకని ప్రత్యేకంగా చెబుతున్నాను. మీరు ఫారం 12బి ఇచ్చి ఉంటే, కొత్త కంపెనీ ఇచ్చే ఫారం 16లో రెండో భాగంలో, ఇతర యజమానుల నుంచి వచ్చిన జీతం అనే వరసలో పాత కంపెనీ జీతం కూడా చేరి ఉంటుంది. అది చూసుకోకుండా, ఆ ఫారంలోని మొత్తానికి పాత ఫారం 16లోని జీతాన్ని మళ్లీ కలిపేస్తే 3,60,000 రెండుసార్లు లెక్కలో పడుతుంది, లేని పన్ను కట్టవలసి వస్తుంది. కాబట్టి ముందు ఆ వరసలో అంకె ఉందా, సున్నా ఉందా చూడండి. రిటర్న్‌లో ఏ కంపెనీ జీతం ఆ కంపెనీ పేరు కింద విడివిడిగా చూపించి, స్టాండర్డ్ డిడక్షన్ మొత్తం మీద ఒక్కసారే తీసుకోవాలి.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఎల్ఐసీ ప్రీమియం, పీపీఎఫ్ లాంటివి 80సి కింద లక్షన్నర దాకా చూపించుకుంటారు కదా, అవే రసీదులు రెండు కంపెనీల్లోనూ ఇస్తే ఇద్దరూ తగ్గిస్తారు. అప్పుడు తేడా ఇంకా పెద్దదవుతుంది. ఒక కంపెనీలో పాత విధానం, ఇంకో కంపెనీలో కొత్త విధానం ఎంచుకున్నవాళ్లూ ఉన్నారు. రిటర్న్‌లో ఏదో ఒక్కటే ఉండాలి. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు గడువులోపు వేసే రిటర్న్‌లో తమకు నచ్చినదాన్ని ఎంచుకోవచ్చు. రెండు విధాలా లెక్క వేసి చూసుకున్నాకే ఎంచుకోండి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 నాటిది, అమల్లోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి. నేను చెప్పిన సంఖ్యలన్నీ 2025-26 ఆదాయానికి, అంటే ఇప్పుడు మీరు వేయబోయే రిటర్న్‌కు వర్తించేవి. ఈ ఏప్రిల్ తర్వాత కంపెనీ మారినవాళ్లు ఫారం నంబరు కోసం వెతుక్కోనక్కర్లేదు. పాత యజమాని ఇచ్చిన జీతం, కోసిన పన్ను తెలపాలి, దానికి ఏ ఫారం అని మీ హెచ్ఆర్‌ను అడిగితే చాలు.

కిందటేడు కంపెనీ మారిన శ్రోతలకు నా విన్నపం ఇది. రెండు ఫారం 16లు, 26ఏఎస్ పక్కపక్కన పెట్టుకుని, రెండు జీతాలూ కలిపి, డిడక్షన్ ఒక్కసారి తీసి, పన్ను లెక్క వేయండి. బాకీ తేలితే రిటర్న్ వేయకముందే "e-Pay Tax"లో "Self Assessment Tax (300)" కింద, అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 అని ఎంచుకుని కట్టేయండి. జీతగాళ్ల రిటర్న్‌కు గడువు జూలై 31. వడ్డీ నెలకోసారి పెరుగుతుంది కాబట్టి ఈ నెల కట్టగలిగితే వచ్చే నెల దాకా ఆగకండి.